వాయిదా నాటి బొట్టు

ఊరంతా చీరలు నేసే సిరిసిల్లలో, కోర్టుకు కట్టుకుపోయే చీర మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ జరీవీ మెరుపులవీ. పుట్టినప్పటి నుంచీ సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో బతికిన ఈ ఎల్లవ్వ ఇంటి భాగ్యం ఇది!

నా కొడుకు ధనుంజయ్ సాంచాల పని ముగించుకొని బండి మీద వస్తుంటే లారీ గుద్ది చనిపోయాడు. రెండేళ్లయింది. ఆ లారీకి బీమా చేసిన కంపెనీ మీద నష్టపరిహారం కేసు వేశాం. అందులో నా కోడలు శ్రీవాణి సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. మా ఇద్దరిలో ఎవరమూ కోర్టు గడప తొక్కినవాళ్లం కాము. అందుకే ముందురోజు మా వకీలు శోభ మేడం దగ్గరికి వెళ్లి, ఏం కట్టుకోవాలని అడిగాం.

“లేత రంగు కాటన్ చీర కట్టుకో. ఉతికి ఇస్త్రీ చేసింది. పట్టు వద్దు, మెరుపులు వద్దు” అంది మేడం. “చినిగింది కట్టుకుంటే జాలి పడుతరని మాత్రం అనుకోకు. అది నాటకం లెక్క కనబడ్తది. ఫోన్ బంద్ పెట్టు. తెల్వంది తెల్వదనే చెప్పు.”

నేను ఆగలేకపోయాను. “మరి బొట్టు, గాజులు మేడం?”

“అవి ఆమె ఇష్టం. కోర్టుకు బొట్టుతోని పనిలేదు.”

నా ప్రాణం లేచి వచ్చింది. నా మొగుడు శంకరయ్య పోయినప్పుడు నాకు ముప్పై ఏళ్లు. పదో రోజున నలుగురు ఆడవాళ్లు నన్ను పట్టుకొని గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆ గతి నా కోడలికి పట్టనివ్వనని ధనుంజయ్ దినాల నాడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. “నా కొడుకు పోయిండు గని నా బిడ్డ ఉన్నది. ఎవలన్న దాని మొఖం మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరుగ్గొడ్త!” అని అరిచాను. నా ఆడబిడ్డలు అలిగి అన్నం తినకుండా పోయారు. పోతే పోనీ, పీడ విరగడైందనుకున్నాను.

మేడం ఆఫీసు మెట్లు దిగుతుంటే గుమాస్తా వెంకటేశం మమ్మల్ని ఆపాడు.

“అవ్వా, మేడం గట్లనే అంటది. గీ బీమా వకీలు పోయిన నెల ఒకామె బొట్టు, గాజులు చూసి, నిండు కోర్టుల ‘మళ్ల పెండ్లి చేసుకున్నవా’ అని అడిగిండు. ఆమె ఏడ్సుకుంట అన్నీ తప్పు చెప్పింది. జర చూసుకోండ్రి.”

శ్రీవాణి తేలిగ్గా తీసేసింది. “అడిగితే లేదని చెప్త. గంత భయమేంది అత్తమ్మా?” అంది. నన్ను మాత్రం ఆ మాట పురుగు తొలిచినట్టు తొలిచింది.

తెల్లారి పక్కింటి గంగవ్వ ఇచ్చిన లేత నీలం కాటన్ చీర కట్టుకుంది నా కోడలు. నుదుట చిన్న కుంకుమ బొట్టు, చేతులకు నాలుగేసి ఆకుపచ్చ గాజులు. కోర్టు వరండాలో కూర్చుంటే నల్లకోటు వేసుకున్న ప్రతివాడూ నాకు ఆ బీమా వకీలే అనిపించాడు. వెంకటేశం వచ్చి “తర్వాత మనదే” అనగానే నా ధైర్యం నీరైపోయింది. శ్రీవాణిని మూలకు లాక్కుపోయాను.

“ఒక్క పూటకు తీసెయ్యి బిడ్డా.”

“వద్దత్తమ్మా.”

“కేసు పోతే ఎట్ల బతుకుదమే?”

ఆమె కదలలేదు. నేనే కొంగుతో ఆమె బొట్టు తుడిచాను. గాజులు లాగుతుంటే ఒకటి చిట్లి మణికట్టు గీరుకుపోయింది. నన్ను ఆపలేదు. ఒక దెబ్బ కొట్టినా బాగుండేది!

పేరు పిలిచారు. ప్రమాణం చేయించారు. ముందే రాసిచ్చిన వాంగ్మూలం చూపించి సంతకం నీదేనా అంటే అవునంది. బీమా వకీలు లేచాడు.

“గుద్దినప్పుడు మీరు అక్కడ ఉన్నరా?”

“లేను.”

“మీ ఆయన జీతానికి కాగితం ఏమన్న ఉందా?”

“లేదు. వారంవారం చేతికిచ్చేటోళ్లు.”

“హెల్మెట్ పెట్టుకున్నడా?”

“ఇంట్ల నుంచి పెట్టుకునే పోయిండు.”

ఇంకో రెండు మాటలు అడిగి కూర్చున్నాడు. పెళ్లి ఊసే లేదు. అసలు ఆయన ఫైలు మీద నుంచి తల ఎత్తితే కదా! జడ్జిగారు కంప్యూటర్ తెర చూస్తూ జవాబులు టైపు చేయిస్తున్నారు. కోడలు సంతకం పెట్టి బోను దిగింది. పావుగంట కూడా పట్టలేదు.

“మంచిగ చెప్పినవ్” అని మేడం ఆమె భుజం తట్టింది. తరువాత నుదుటి వైపు చూసింది. “బొట్టు ఏమైంది?”

“అత్తమ్మ తీసింది.”

మేడం నా వైపు తిరిగింది. నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చాను.

బయట రోడ్డు మీద “దుకాణంల కుంకుమ కొంట, పెట్టుకో బిడ్డా” అని బతిమాలాను.

“దినాల నాడు వాళ్లనెందుకు ఆపినవ్ అత్తమ్మా?” అంది ఆమె. “అప్పుడే తీసిన్రనుకో, పరాయోళ్లు తీసిన్రని సరిపెట్టుకుందును.”