పరుగు బల్ల మీద అల్లుడు

మా అల్లుడి గుండె పాజిటివ్ అని తేలిన రోజున నేను నమ్మలేదు. నమ్మకపోవడం మా ఇంటి రక్తంలోనే ఉంది. మా నాన్న గుండె చప్పుడుకి పక్కింటి గోడ సున్నం రాలిపోయేదని మా అమ్మ చెప్పేది. ఆ వంశపు ఆడపిల్లని చేసుకున్నవాడికి గుండెజబ్బు వస్తుందంటే ఎలా నమ్ముతాను?

అల్లుడు సిటీ బస్సు నడుపుతాడు. ఏటా డిపో వాళ్ళు డ్రైవర్లకు ఒక ఆస్పత్రిలో పరీక్షలు చేయిస్తారు. ఈసారి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఛాతీ నిండా వైర్లు అంటించి, కింద కదిలే పట్టీ మీద నడిపించి, కాసేపటికోసారి వేగమూ ఎత్తూ పెంచారట. చివర కాగితం చేతిలో పెట్టి, బండి ఎక్కొద్దన్నారు. ఆ మర్నాడే అతని రూటు సూపర్‌వైజర్ మేనల్లుడికి ఇచ్చారు. ఇంకేం కావాలి మాకు?

"కుట్ర మామయ్యా" అన్నాడు అల్లుడు. "నా సీటు కోసం నా గుండెకి ఎసరు పెట్టారు."

"అనుమానమెందుకు? ఆ ఆస్పత్రికి స్టెంట్లు అమ్ముకోవాలి, ఆ సూపర్‌వైజర్‌కి మేనల్లుణ్ణి నీ సీట్లో కూచోబెట్టాలి. ఇద్దరూ కలిశారు" అన్నాను నేను.

మా అమ్మాయి మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, "నాన్నా, ఇంకో డాక్టర్ దగ్గరికి నువ్వు కూడా వెళ్ళు. మా ఆయన ఏం చెప్తాడో, ఏం చెప్పడో చూడు" అంది. 'ఏం చెప్పడో' అన్న మాట నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

రెండో ఆస్పత్రిలో గుండె డాక్టరమ్మ గది మూడో అంతస్తులో. లిఫ్టు ముందు పెళ్ళివారింత జనం. మెట్లెక్కాం. ప్రతి మలుపులోనూ అల్లుడు ఆగి ఫోన్ చూసుకున్నాడు. మూడో మలుపులో నేనూ తొంగిచూశాను. ఫోన్ ఆఫ్‌లో ఉంది. నల్లటి అద్దంలో మొహం చూసుకుంటున్నాడు, ఒక చెయ్యి ఛాతీ మీద వేసుకుని.

"ఎవరు అల్లుడూ, ఫోన్‌లో?"

"డిపో వాళ్ళు."

"మాట్లాడవేం?"

"గ్యాస్ మామయ్యా. పొద్దున్నుంచీ మంట. పదండి" అన్నాడు. అడిగినదానికి కాక, అడగనిదానికి జవాబు చెప్పేశాడు పాపం.

డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. ఆస్పత్రి కాగితాలు బల్ల మీద పరచి, వంకర గీతలను వేలితో వెతుకుతూ చూసింది. నేను ఆమెనే చూస్తూ కూచున్నాను, స్టెంటు ఎప్పుడు బయటికి తీస్తుందా అని.

"నడిచేటప్పుడు ఇక్కడ గీత కిందికి దిగింది" అంది. "అందుకే పాజిటివ్ అన్నారు."

"అంటే రక్తనాళం మూసుకుపోయినట్టేనా?" అన్నాను, దొంగ దొరికాడన్నట్టు.

"కాదు పెద్దాయనా. ఇది రక్తనాళాన్ని చూసే పరీక్ష కాదు. కష్టపెట్టినప్పుడు గుండెకి రక్తం సరిపోవట్లేదేమో అని అనుమానం పుట్టిస్తుంది, అంతే. ఎప్పట్నుంచో బీపీ ఉన్నా, రక్తం తక్కువున్నా, కొన్ని మందులు వాడినా గీత ఇలాగే దిగొచ్చు. ఏ బాధా లేనివాళ్ళలో ఉత్తుత్తి పాజిటివ్‌లు చాలానే వస్తాయి."

అల్లుడి మొహం వెలిగింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఆస్పత్రి గుట్టు ఆస్పత్రి మనిషే రట్టు చేసింది!

"మరి నెగెటివ్ వస్తే నిశ్చింతేనా?" అన్నాను, ఊపులో.

"అదీ హామీ కాదు. నాళంలో చిన్న పూడిక ఈ గీతకి దొరక్కుండా తప్పించుకోవచ్చు. అదే రేపు పగిలి పెద్దది కావచ్చు. అందుకే కాగితాన్ని మాత్రమే చూసి చెప్పను. మనిషినీ చూస్తాను." అల్లుడి వైపు తిరిగింది. "ఆ పరీక్షని మీరు మధ్యలో ఎందుకు ఆపమన్నారు?"

"కాళ్ళు పట్టేశాయండి."

"ఛాతీలో బరువు? మంట? మెట్లెక్కితే ఆయాసం?"

"లేదండి."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదండి."

గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎక్కడో నేర్చుకున్న జవాబులాగా ఉంది. డాక్టరమ్మ తల ఊపింది. "అయితే తొందరేం లేదు. నాళాలు కనబడే స్కాన్ తీరిగ్గా తీద్దాం. అందులో ఏమీ లేకపోతే డిపోకి నేనే రాస్తాను."

అంటే సీటు మళ్ళీ వచ్చినట్టే. కుట్ర చిత్తు. నేను లేచి నమస్కారం పెట్టి బయటపడితే సరిపోయేది. కానీ నా అనుమానం పాడు అనుమానం. ఆస్పత్రి మీద పెట్టుకున్నదంతా ఒక్కసారి ఇటు తిరిగి అల్లుడి మీద వాలింది. ఆఫ్‌లో ఉన్న ఫోన్, ఛాతీ మీద చెయ్యి, 'ఏం చెప్పడో'.

"డాక్టరమ్మా," అన్నాను, "ఇతనికి మంట ఉంటే? మెట్లెక్కినప్పుడు పట్టుకుని, ఆగితే తగ్గే మంట ఉంటే? అప్పుడు ఈ కాగితం ఏమంటుంది?"

"మామయ్యా!" అల్లుడి గొంతులో, 'నన్ను ముంచేస్తున్నారా' అన్న కేక ఉంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అప్పుడు అదే గీతకి బరువు పెరుగుతుంది. ఈ వయసు మగవాడికి, కష్టపడితే వచ్చి ఆగితే పోయే మంట, దానికి తోడు ఈ గీత... అప్పటికీ రుజువు కాదు. కానీ తీరిగ్గా అనే మాట ఉండదు."

"అదే కాగితం కదమ్మా?"

"కాగితం అదే. మనిషి మారాడు కదా."

అల్లుడు నేల చూశాడు.  

"మూణ్ణెల్లయిందండి" అన్నాడు చివరికి. "ఆ పట్టీ మీదా అదే మంట వచ్చింది. కాళ్ళని చెప్పాను. మా డిపోలో డాక్టర్ ఏం అడిగినా 'లేదు' అనాలి. కొత్తగా చేరినవాడికి బండి కంటే ముందు అదే నేర్పుతారు. ఉందన్నవాడు మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోడు."

"బస్సులో మీ వెనక ఎంతమంది కూచుంటారు?"

అడిగి డాక్టరమ్మ మళ్ళీ పెన్ను తీసింది.  మాత్రలు రాసింది. యాంజియోగ్రామ్ అయ్యేదాకా బస్సు వద్దంది. కూర్చున్నప్పుడు మంట వచ్చినా, తగ్గకుండా ఉన్నా అదే క్షణం ఆస్పత్రికి రమ్మంది.

ఆ వారమే మణికట్టు లోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. గుండె ముందువైపు పెద్ద నాళం మొదట్లోనే బాగా సన్నబడి ఉంది. అక్కడే స్టెంటు వేశారు. నేను తిట్టిపోసిన స్టెంటే. స్క్రీన్ మీద ముందూ తర్వాతా చూపించారు కాబట్టి నోరు మూసుకున్నాను. సీటు సంగతి కొన్నాళ్ళాగి మళ్ళీ పరీక్షించి చెబుతామన్నారు. రావచ్చు, రాకపోవచ్చు.

వార్డులో అల్లుడు నాతో ఒక పూట మాట్లాడలేదు. రెండో పూట మంచినీళ్ళు అడిగాడు. తాగాక, "మామయ్యా, ఒక అనుమానం" అన్నాడు.

"ఇంకా ఉన్నాయా నీ దగ్గర?"

"ఆ సూపర్‌వైజర్ మేనల్లుడికి 'లేదు' అనడం నేర్పింది నేనే."

 సాయంత్రం ఇంటికి అల్లుడి రూటు బస్సే ఎక్కాను. ఎప్పుడూ వెనక సీట్లో కూచుని కబుర్లు చెప్పేవాణ్ణి. ఆ రోజు డ్రైవర్ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. స్టీరింగ్ ముందున్న ఆ మేనల్లుడు కుర్రాడు ఎడమ చేత్తో ఛాతీ రుద్దుకున్నాడు.

"ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"అబ్బే, ఏం లేదండి" అన్నాడు, గుక్క తిప్పుకోకుండా.