సుత్తి చేతికొచ్చేదాకా

ఆ వడ్రంగి షెడ్డులో రోజూ ఒకటే వరస. పొద్దున్నే చిత్రిక పట్టడం, జిగురు కాచడం, మధ్యమధ్యలో ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకోవడం. పని నేర్చిన పిల్లని మేస్త్రిని చేసే రోజు మాత్రం యంత్రాలు ఆపేస్తారు. ఆ తంతు చూసి రాసుకోవడానికే కాలేజీ నుంచి విద్యార్థిని వచ్చింది.

ముందు పిల్ల పాత ఏప్రాన్ విప్పేసింది. ఇక శిష్యురాలు కాదు. చెక్కసుత్తి ఇంకా చేతికి రాలేదు కాబట్టి మేస్త్రీ కాదు. అటూ ఇటూ కానివాళ్ళకి కాళ్ళు నేలకి ఆనవు కదా, మెల్లగా పైకి లేచింది.

"ఫ్యాను ఆపారా?" అని మాత్రం అడిగింది వాళ్ళమ్మ.

సుత్తి చేతులు మారుతోంది. ప్రతివాళ్ళూ బల్ల మీద ఒకే తీరున తట్టి పక్కవాళ్ళకి అందిస్తున్నారు. చివర్న పెదమేస్త్రి దాన్ని పిల్ల చేతిలో పెట్టి, "ఇక నీ పని నీది" అనాలి. అంటేనే పిల్ల మేస్త్రి అవుతుంది, అయ్యాక చెప్పే మాట కాదది.

సుత్తి ఆయన చేతికొచ్చింది. మన విద్యార్థిని మహాతల్లి ఊరుకోవచ్చుగా! "బాబాయ్ గారూ, ఇలా తట్టడానికి అర్థం ఏమిటండీ?" అనేసింది.

పాపం, మర్యాదస్తుడు. ఇటు తిరిగి జవాబు వెతుక్కున్నాడు. తంతు అక్కడే తెగింది. పిల్ల దూలం దాటి, జిగురు వాసన పోవడానికి తెరిచిన పైకప్పు కిటికీ వైపు పోతోంది. ఒకాయన నిచ్చెనెక్కి కాలు పట్టుకుంటే ఆయన్నీ లాక్కుపోబోయింది. తల్లి పరుగున వెళ్ళి నిచ్చెన పట్టుకుంది.

సుత్తి పైకి విసిరేయమంది విద్యార్థిని. మనకి తోచినట్టు చేస్తే అది మన పనే అవుతుంది, తంతు కాదన్నారు వాళ్ళు. తెగిన చోట అతకదు, మొదటి చేతి నుంచీ మళ్ళీ తిరగాలి. మధ్యలో మాట కలిపింది కాబట్టి తనూ వరసలో నిలబడాలి.

"నాకివన్నీ నమ్మకం లేదండీ."

"నమ్మకం ఎవరడిగారమ్మా?" అన్నాడు పెదమేస్త్రి. "నాకూ చాన్నాళ్ళు లేదు. అందరి ముందూ తట్టావంటే ఒప్పుకున్నట్టే. చెయ్యి చాచు."

సుత్తి మళ్ళీ బయల్దేరింది. విద్యార్థిని గబగబా కొట్టబోతే తల్లే చెయ్యి పట్టుకుంది. "నిదానంగానమ్మా. అందరూ కొట్టినట్టే." కూతురి తల అప్పటికే కిటికీ బయట ఉంది. విద్యార్థిని వాళ్ళలాగే తట్టింది.

పెదమేస్త్రి నిచ్చెనెక్కి సుత్తి అందించి ఆ మాట అన్నాడు. పిల్ల మడమలు ధబ్బున నేలకి తగిలాయి. తల్లి అక్కడే కూలబడి ఏడ్చేసింది.

విద్యార్థిని సిగ్గుతో బ్యాగు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. కాళ్ళు చెప్పులకి అందలేదు. చూడ్డానికొచ్చిన మనిషి కాదిప్పుడు, వరసలో మనిషీ ఇంకా కాలేదు. కొత్త మేస్త్రి పరుగున వచ్చి సుత్తి చేతిలో పెట్టింది.

"అక్కా, ఇక మా వరసలో ఈ చోటు నీది."

నేల కాళ్ళకి తగిలింది. ఆ చోటు ఖాళీగా ఉంటే ఇప్పుడక్కడ సుత్తి కదలదు. చదువయ్యాక దూరాన మంచి ఉద్యోగం వచ్చినా ఆవిడ ఒప్పుకోలేదు, ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పుకుంటోంది. తంతు రోజున తన విద్యార్థి ఎవరైనా నోరు తెరవబోతే ముందే చెబుతుంది:

"అర్థం తర్వాత అడుగుదువుగాని. ముందు ఆ పైకిటికీ మూసిరా."