ఆథర్ అన్నచోట ఎవరి పేరు

చిట్టి కంప్యూటర్ షాపులో మెషీన్లు బిగిస్తుంది. మదర్‌బోర్డు అమర్చడం, విండోస్ ఎక్కించడం, పాడైనవి విప్పి బాగుచేయడం, అన్నీ ఆమె పనే. వాళ్ళక్క ఇంట్లో కూర్చుని, ఆడియో విని టైపు చేసి పంపే పని చేస్తుంది. రెండేళ్ళుగా అక్కకి చూపు తగ్గుతోంది. కుడి కన్ను దాదాపు పోయినట్టే. ఎడమ కంటికి పెద్ద అక్షరాలు మాత్రం ఆనుతాయి.

"టైమెంతయిందో చూడాలంటే స్క్రీన్ మూలన ఉన్న ఆ చీమతలకాయంత గడియారం మీదకి ముక్కు ఆనించాల్సి వస్తోందే," అంది అక్క ఒకరోజు.

ఆ ఆదివారమే చిట్టి అక్క కంప్యూటర్‌లో రెయిన్‌మీటర్ వేసింది. డెస్క్‌టాప్ మీద మనక్కావలసినవి మనమే చూపించుకునే ఉచిత ప్రోగ్రామది. దానికి స్కిన్లు అనే ఫైళ్ళు రాయాలి. రాయడమంటే నోట్‌ప్యాడ్ తెరిచి, ఏం కొలవాలో, దాన్ని ఎక్కడ ఎలా చూపించాలో వరసగా చెప్పడమే. నాలుగు ఆదివారాలు పట్టింది. మొదట గడియారం, అరచెయ్యంత అంకెలతో. దాని కింద వాతావరణం: వాతావరణం చెప్పే సైటులో తన పేరున ఒక కీ, అంటే సైటువాళ్ళు ఒక్కొక్కరికీ ఇచ్చే రహస్య సంకేతం, తీసుకుని, పది నిమిషాలకోసారి అడిగి తెచ్చేలా రాసింది. "మబ్బు", "జల్లు", "ఎండ" అని తెలుగులోనే కనిపించాలనుకుంది. మొదటిసారి ఆ అక్షరాలన్నీ పిచ్చిగీతలై కూర్చున్నాయి. ఫైలుని యూనికోడ్‌లో సేవ్ చేయలేదని తెలిసేసరికి ఒక పూటంతా గడిచిపోయింది. చివరిది సీపీయూ, మెమరీ వాడకం. అక్క టైపు చేసే ప్రోగ్రాము మెమరీ నిండితే బిగుసుకుపోయి, అప్పటిదాకా కొట్టింది మింగేస్తుంది. అందుకని మెమరీ ఎనభై అయిదు శాతం దాటగానే ఆ గీత ఎర్రబడేలా పెట్టింది.

అక్క కుర్చీ వెనక్కి జరిపి చూసి, "ఇంత దూరం నుంచి కనపడుతోందే!" అంది. అప్పటినుంచి ఎర్రగీత కనపడగానే సేవ్ కొట్టడం ఆమెకి అలవాటైపోయింది.

చిట్టి షాపులో తన బల్ల మీద మెషీన్‌లోనూ అదే పెట్టుకుంది. ఓనరు చూశాడు.

"భలే ఉందమ్మాయ్. ఒక కాపీ ఇవ్వు, మా ఇంట్లో పెట్టుకుంటా."

మురిసిపోయి ఇచ్చేసింది. ప్యాకేజీ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎలా ఎక్కించాలో కూడా చెప్పింది. తన కీ అందులోనే ఉందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "చిట్టీ, వాతావరణం పోయిందే. ఖాళీగా ఉంది."

సాయంత్రం ఇంటికెళ్ళి చూస్తే గడియారం బాగానే ఉంది, మెమరీ గీత బాగానే ఉంది. రెయిన్‌మీటర్ లాగ్ తెరిస్తే, సైటు నుంచి వచ్చినదాంట్లో తను వెతకమన్నది దొరకలేదని ఎర్రర్ వరసగా పడి ఉంది. అదే లింకు బ్రౌజర్‌లో పెట్టి చూసింది. 'ఈ కీకి ఈ రోజు కోటా అయిపోయింది' అని వచ్చింది.

చిట్టికి అర్థం కాలేదు. కోటా రోజుకి అయిదొందల సార్లు. పది నిమిషాలకోసారి చొప్పున రోజంతా అడిగినా ఒక మెషీన్‌కి నూట నలభై నాలుగే. తనవి రెండే మెషీన్లు. మిగతావి ఎవరు అడుగుతున్నట్టు?

జవాబు మర్నాడు పొద్దున్నే షాపు మెట్లెక్కి వచ్చింది. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ, నెల క్రితం ఇక్కడే కొన్న సీపీయూని కాంపౌండర్ చేత మోయించుకొచ్చింది.

"మీ షాపు స్పెషల్ అని డబ్బా కొట్టి మరీ ఇచ్చారు కదా, మధ్యాహ్నానికల్లా వాతావరణం మాయమైపోతోంది!"

చిట్టి మెషీన్ ఆన్ చేసింది. అరచెయ్యంత అంకెలు. కింద తెలుగులో 'మబ్బు'. తన గడియారం! రెయిన్‌మీటర్ మేనేజ్ విండో తెరిచింది. ఆథర్ అన్నచోట తన పేరుండాలి. షాపు పేరుంది. ఫైలు తెరిచింది. తను గుర్తుకోసం రాసుకున్న వాక్యం ఒక్క అక్షరం చెక్కుచెదరకుండా ఉంది: 'అక్కకి ఎడమ కన్నే కనిపిస్తుంది, అంకెలు ఎడమవైపే ఉంచాలి.'

ఆమె చెవులు వేడెక్కిపోయాయి. పేరు తీసేయడానికి ఆ ఫైలు తెరిచిన మనిషి, నాలుగు లైన్ల కింద ఉన్న ఈ మాట చూడకుండా ఎలా ఉంటాడు?

డాక్టరమ్మకి సాయంత్రం రమ్మని చెప్పి, నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళింది.

"సార్, నా స్కిన్లు ఎన్ని మెషీన్లలో వేసి అమ్మారు?"

"ఓ ఇరవై ఉంటాయి. డెలివరీ ఇచ్చేటప్పుడు నేనే ఎక్కించా. జనానికి తెగ నచ్చుతున్నాయమ్మాయ్."

"నా పేరెందుకు తీశారు?"

"షాపు పేరుంటే బాగుంటుందని. అయినా రెయిన్‌మీటర్ ఊరికే దొరికేదేగా, ఇందులో నీదేముంది?"

"రెయిన్‌మీటర్ ఊరికే దొరుకుతుంది, నిజమే. నేనూ మీకు ఊరికే ఇచ్చా. ఇంట్లో పెట్టుకుంటానంటే ఇచ్చా. నా పేరు కొట్టేసి అమ్ముకోమని ఇచ్చానా?"

"నా దగ్గర జీతం తీసుకుంటూ చేసిందేగా!"

"మా అక్క కోసం, మా ఇంట్లో, ఆదివారాలు కూర్చుని చేశా సార్. ఆదివారాలకి మీరు జీతమిస్తున్నారా?"

ఓనరు నవ్వాడు. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా? వెళ్ళి ఆవిడ మెషీన్ సంగతి చూడు."

ఆ నవ్వుకి చిట్టి ఒళ్ళు మండిపోయింది. బల్ల దగ్గరికొచ్చి, సైటు తెరిచి, తన పాత కీ తీసేసింది. అంతే. ఇరవై డెస్క్‌టాపుల మీద వాతావరణం ఖాళీ. కొత్త కీ తీసుకుని, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు అక్క మెషీన్‌లో మాత్రం పెట్టింది.

జరిగిందంతా విని అక్క అంది, "వాడిని తిట్టు, నాలుగు తిట్లు నావీ కలుపు. కానీ కొన్నవాళ్ళేం చేశారే? వాళ్ళలోనూ నాలాగా కళ్ళు సరిగా కనపడనివాళ్ళు ఉండొచ్చుగా."

"అయితే ఆయన చేసింది ఒప్పుకోమంటావా?"

"ఒప్పుకోమన్నానా? నీ పేరుతో నువ్వే ఇవ్వు."

ఆ సాయంత్రం డాక్టరమ్మ వస్తే, వాతావరణం వారంలో తిరిగొస్తుందని చెప్పి మెషీన్ ఇచ్చి పంపింది. మర్నాడు షాపులో ఫోన్లే ఫోన్లు. ఓనరు గది నుంచి బయటికొచ్చాడు. "అమ్మాయ్, ఆ కీ ఏదో మళ్ళీ పెట్టెయ్. పరువు పోతోంది."

"మీ పరువు మాత్రమే పరువా సార్? నా కీ ఇవ్వను. ఎవరి కీ వాళ్ళు తీసుకోవాలి, పది నిమిషాల పని. నేనే చెప్తా. కానీ అన్నిట్లోనూ నా పేరు తిరిగి రావాలి."

"రెండు పేర్లూ పెడదాం. షాపుదీ, నీదీ."

"షాపు ఏ లైను రాసింది?"

ఇంకో ఫోన్ మోగుతుంటే, "సరే, నీ ఇష్టం," అని గొణిగాడు ఓనరు. క్షమించమని మాత్రం అనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ ఆదివారం చిట్టి కీ ఉండే చోటు ఖాళీగా వదిలి, అది ఎలా తీసుకోవాలో తెలుగులో రాసిపెట్టి, తన పేరుతో ప్యాకేజీ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వారం రోజుల్లో ఆ మెషీన్లు కొన్నవాళ్ళందరికీ తనే ఫోన్ చేసి ఎక్కించింది. నెలాఖరుకి ఉద్యోగం మానేసింది. పోవద్దని ఓనరు రెండుసార్లు అడిగాడు. మంచి పనివాళ్ళు దొరకరనే అడిగాడు తప్ప, తను చేసింది తప్పని ఒప్పుకుని కాదు. అది తెలిసి ఆమెకి ఇంకా మండింది.

పళ్ళ డాక్టరమ్మ తన క్లినిక్‌లో ఉన్న నాలుగు కంప్యూటర్లూ చూసుకోమని పిలిచింది. మొదటిరోజు మెషీన్ ముందు కూర్చోబెట్టి, స్క్రీన్ వైపు చూపిస్తూ అడిగింది. "ఇది నువ్వే రాశావటగా? మరి ఇన్నాళ్ళూ వాళ్ళ షాపుదని ఎందుకు చెప్పారమ్మా?"

"అబద్ధం చెప్పారండీ," అంది చిట్టి, సీపీయూ మూత విప్పుతూ.