లేని వేళ్లు

గుఢియారీ బస్తీలో గిరిధర్ వీడియో స్టూడియోకి పక్కింటి అప్పలనరసమ్మ తన పెనిమిటి వీడియో తెచ్చింది. పోయిన దుర్గారావు చెయ్యి ఊపుతున్న పాత ఫోన్ వీడియో అది, సెకనుకి పదిహేను ఫ్రేములే. పెద్దకర్మ నాడు నెమ్మదిగా, కుదుపు లేకుండా చూపించమంది.

గిరిధర్ దాన్ని నాలుగింతలు నెమ్మది చేశాడు. ప్రతి రెండు ఫ్రేముల మధ్యా సాఫ్ట్‌వేర్ మూడేసి కొత్తవి ఊహించి కల్పించింది. ముఖం బాగా వచ్చిందని తృప్తిపడి, చేతి వంక చూడనే లేదు.

కర్మ నాడు తెర మీద ఆ చెయ్యి వేగంగా కదిలిన చోటల్లా వేళ్లు నీడల్లా చీలి ఆరేడయ్యాయి. చెయ్యి ముఖానికి అడ్డంగా కదిలినప్పుడు చెంప మైనంలా సాగింది.

“అరే గిరీ, మీ మావకి ఆ చేతికి మూడు వేళ్లే కదరా. రెండు వర్క్‌షాపు మిషన్లో పోనాయి. ఇవెవరివి?” అంది అప్పలనరసమ్మ.

“కంప్యూటర్ అలా... ఊహించి పెడుతుందత్తా.”

“అది ఎరగదు సరే. నువ్వెరగవేటి?”

చిన్నప్పుడు ఆ మూడు వేళ్లు పట్టుకునే అతను బడికి నడిచాడు. చుట్టూ కూర్చున్న వాళ్లెవరి కళ్లలోకీ చూడలేక, లేచి అసలు వీడియో పెట్టాడు. అది కుదుపులతో, ఆగి ఆగి నడిచింది.

“ఈయనే,” అందామె. గిరిధర్ తల ఎత్తలేదు.