పచ్చి ఆపిల్ రసం

నా క్లాసులో ఒక పద్ధతి ఉంది. జవాబు తప్పు చెప్పినవాళ్లు తర్వాతి ప్రశ్న వచ్చేదాకా నిలబడాలి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లయినా, పిల్లల తల్లులయినా సరే. దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణం మీది మూడో అంతస్తులో, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్షకు నేను పదకొండేళ్లుగా కోచింగ్ చెబుతున్నాను. నన్ను తిట్టుకోనివాళ్లు ఉండరు, నా నోట్సు పారేసినవాళ్లూ ఉండరు.

ఎంజైముల పాఠానికి నేనే ఒక వరస కట్టాను. రొట్టెకు అమైలేజ్, మాంసానికి ప్రోటియేజ్, రసానికి పెక్టినేజ్. క్లాసు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాను కూడా. వరస కంఠతా వస్తే ఆ పాఠంలో నాలుగు మార్కులు చేతికొచ్చినట్టేనని చెప్పేదాన్ని. అందులో నాకు కొంచెం గర్వం ఉందని ఒప్పుకుంటాను.

ఆగస్టులో మా గ్రాండ్ టెస్టు జరిగింది. చివరి నలభై రోజుల బ్యాచ్‌కి ఇరవై మందినే తీసుకుంటాం. గదిలో కుర్చీలు అన్నే ఉన్నాయి. పైగా రోజూ రాయించి, రోజూ దిద్దడానికి ఇరవై మందికి మించితే నా వల్ల కాదు. మార్కుల లిస్టు అతికించాక, మర్నాడు నాలుగింటిదాకా మా జవాబుల కీ మీద అభ్యంతరాలు తీసుకుంటాం. పదకొండేళ్లలో ఎన్నో వచ్చాయి. ఒక్కటీ నిలవలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం సంతోషి వచ్చింది. మన్సూరాబాద్ పిల్ల. నల్గొండ దగ్గర ఊరి నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల నాన్న గోపయ్య ఎల్బీనగర్‌లో బండి మీద పండ్లు అమ్ముతాడు. సంతోషి ఆఫీసర్ పరీక్ష రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్దిలో పోయింది. లిస్టులో ఆమెది ఇరవై ఒకటో పేరు. డెబ్బై ఎనిమిది మార్కులు. ఇరవయ్యో పేరు రాఘవేంద్రది, డెబ్బై తొమ్మిది.

"మేడం, యాభై ఏడో ప్రశ్నకు కీ తప్పుంది" అంది, చేతిలో కాయితం, సంచిలో ఏవో కాయలు పెట్టుకుని.

నాకు ఒళ్లు మండింది. ఒక్క మార్కు తగ్గితే అందరికీ కీ తప్పుగానే కనిపిస్తుంది. ప్రశ్న చదవమన్నాను.

"సీజన్ మొదట్లో కోసిన ఆపిళ్ల రసాన్ని కాచి, చల్లార్చి, పెక్టినేజ్ వేసినా మసక పోలేదు. ఇప్పుడేం వేయాలి?"

"ఇంకొంచెం పెక్టినేజ్ వేయాలి. మోతాదు చాలలేదు. గోడ మీద ఏం రాసి ఉందమ్మా?"

"రసానికి పెక్టినేజ్ అని ఉంది మేడం. కానీ మసకంతా పండు గుజ్జుల ఉండే పెక్టిన్‌దే కాదు గద. సీజన్ మొదట్లో కోసిన ఆపిల్‌ల పిండిపదార్థం ఉంటది. కాస్తే అది జావలెక్క అయి రసం మసకైతది. పెక్టినేజ్ ఎంత పోసినా పిండిని ముట్టదు. పిండిని విడగొట్టేది అమైలేజ్, అందుకే నేను అదే పెట్టిన."

అందరూ పెక్టినేజ్ అని పెడితే ఈమె ఒక్కతే అమైలేజ్ అని పెట్టింది. నేను ఊరుకుంటానా?

"ఆపిల్ రసం పుల్లన. పులుపులో అమైలేజ్ ఏం పనిచేస్తుంది? నోట్లో లాలాజలంలోది పొట్టలోకి వెళ్లాక ఏమవుతుందో చదవలేదా?"

"నోట్లోది ఆగిపోతది మేడం. అందుకే ఫ్యాక్టరీల పులుపును తట్టుకునే రకం వాడతరు, బూజు నుంచి తీసింది. మన ల్యాబ్ ఫ్రిజ్‌ల ఉంది. సీసా మీద రాసి ఉంది, జర చూడుండ్రి."

ఆ సీసా తెప్పించింది నేనే. దాని మీద ఏముందో నాకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"సరే, మాటలెందుకు? చేసి చూద్దాం" అన్నాను. ఆమె నోరు మూయించడానికే అన్నాను, నిజం తేల్చడానికి కాదు.

సంచిలోవి ఆపిళ్లే. ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. "నిన్న బండి మీదికొచ్చినయ్. ఇవి ఇంకా కాయలే, పండ్లు కాలేదని మా నాన్న గులుగుతుండు" అంది.

వెనక గదిలో మాకు చిన్న ల్యాబ్ ఉంది. కాయలు తురిమి, రసం పిండి, కాచి, యాభై డిగ్రీల దాకా చల్లార్చాను. పెక్టినేజ్ నా చేత్తోనే, నా లెక్కకు రెండింతలు వేశాను. గంటసేపు ఆ వేడిలోనే ఉంచాం. ఈలోగా మా అకాడమీ యజమాని కమలాకర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇక్కడి పాత కుటుంబం వాళ్లది. ఈ బిల్డింగూ వాళ్లదే.

"ఏంది మేడం, జ్యూస్ సెంటర్ పెడుతున్నరా?"

"కీ తప్పో ఒప్పో చూస్తున్నాం."

"లిస్టు అతికిచ్చినం గద. మారిస్తే మనమీద నమ్మకం పోదా?"

గంట గడిచింది. రసం కొంచెం తీసి ఆల్కహాల్ కలిపాను. పెక్టిన్ మిగిలి ఉంటే ముద్దలు కట్టాలి. కట్టలేదు. అంటే పెక్టిన్ అయిపోయింది. గ్లాసులో రసం మాత్రం మబ్బుపట్టినట్టే ఉంది. ఇంకో చెంచాడు తీసి చల్లారనిచ్చి, ఒక చుక్క అయోడిన్ వేశాను.

నీలి సిరా పోసినట్టు మారింది. పిండి ఉందని అంతకంటే గట్టిగా చెప్పే సాక్షి లేదు. ఇరవై ఏళ్ల కింద కాలేజీ ల్యాబులో ఇదే పరీక్ష ఎందరితోనో చేయించిన దాన్ని నేను.

సంతోషి ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. 

ఆ పులుపును తట్టుకునే అమైలేజ్ వేసి ఇంకో గంట ఆగాం. మళ్లీ అయోడిన్ వేస్తే అయోడిన్ పసుపు తప్ప నీలం జాడే లేదు. రసాన్ని వడపోత కాగితంలో పోసి గ్లాసులోకి పట్టాను. కమలాకర్ ఆ గ్లాసు వెనక పేపరు పెట్టి, సినిమా ప్రకటన గడగడా చదివాడు. గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

నాకు సిగ్గేసింది. ప్రశ్న మంచి పుస్తకంలోంచే తీశాను, సీజన్ మొదట్లో కోసిన అన్న మాటతో సహా. జవాబు మాత్రం గోడ మీద చూసి రాశాను. రసం అనే మాట కనబడగానే నా చెయ్యి పెక్టినేజ్ అని రాసేసింది. క్లాసందరికీ ఆలోచించకుండా జవాబు పెట్టడం నేర్పి, నేనూ అదే నేర్చుకున్నాను.

నోటీసు నేనే రాసి అతికించాను. "యాభై ఏడో ప్రశ్న సరైనదే. జవాబు తప్పు. తప్పు నాది. అమైలేజ్ అని పెట్టినవారికే మార్కు. అమల."

సంతోషి డెబ్బై తొమ్మిదికి వచ్చింది. మిగతా అందరికీ ఒక మార్కు పోయింది. రాఘవేంద్ర డెబ్బై ఎనిమిదికి దిగి ఇరవై ఒకటో పేరయ్యాడు. సంతోషి వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, "సీటొచ్చింది నాన్నా, నీ కాయలతోనే ఒచ్చింది" అంటుంటే నాకు కడుపు నిండినట్టయింది. ఓడిపోయి ఇంత హాయిగా ఉండటం అదే మొదటిసారి.

సోమవారం బ్యాచ్ మొదలైంది. తలుపు బయట రాఘవేంద్ర నిలబడి ఉన్నాడు, నోట్సు తీసుకుపోవడానికి వచ్చాడట. నా తప్పుకు అతనెందుకు బయట ఉండాలి? లోపలికి రమ్మన్నాను. ఇంకొకరి రాత కూడా దిద్దుతాను, చావనులే.

"మేడం, కుర్చీలు ఇరవైయే ఉన్నయ్" అన్నాడు కమలాకర్.

బల్ల వెనకున్న నా కుర్చీ లాగి రాఘవేంద్రకు వేశాను.

"మరి మీరు?" అంది మొదటి వరసలోంచి సంతోషి.

"జవాబు తప్పు చెప్పినవాళ్లు ఏం చేయాలి మన క్లాసులో?" అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. సుద్దముక్క తీసుకుని, నిలబడే పాఠం మొదలుపెట్టాను.