వడ్డీ వరం

సొంతింటి అప్పు వడ్డీపై పన్ను మినహాయింపు 2001 బడ్జెట్‌లో పెరగగానే, విజయవాడ లెక్చరర్ అనంతకృష్ణ ఉత్సాహంగా బిల్డరు వీరభద్రరావు ఆఫీసుకు వెళ్లాడు. తీరా చూస్తే, తాను కోరుకున్న ఫ్లాటు ధర యాభై వేలు పెరిగింది.

“ఇదేం అన్యాయమండీ?”

“మీకు పన్ను మిగులుతుందిగా మాస్టారూ!”

“అది సర్కారు నాకిచ్చిన వరం!”

“మీ ఒక్కరికేనా? ఉన్నది ఒక్క ఫ్లాటు. అదే వరంతో మరో నలుగురు నాకు పైధర చెబుతున్నారు. ఊళ్లో స్థలం పెరగలేదు కదండీ!”

అనంతకృష్ణ నవ్వాడు.

“అయితే అప్పు తెచ్చి, స్థలాలు బోలెడున్న పక్కూరు కంకిపాడులో ఇల్లు కట్టుకుంటాను. అక్కడైతే వరం నాకే దక్కుతుంది.”

“దక్కుతుంది, మీ కాలేజీవాళ్లందరూ అక్కడికి ఎగబడనంతవరకు!”

మర్నాటినుంచి కాలేజీలో కంకిపాడు ఊసెత్తకుండా అనంతకృష్ణ మౌనవ్రతం పట్టాడు.