గోరువెచ్చని పాలు

గురువారం మధ్యాహ్నం గరిటె ఎత్తితే పెరుగు కూడా దానితో పాటు మూరెడు పైకి లేచింది. ఆ తీగ తెగి చావలేదు. వరసలో కంచం పట్టుకుని నిలబడ్డ ఫిట్టరు కాసేపు కళ్లప్పగించి చూసి, దీంతో గాలిపటం ఎగరేయొచ్చు పెద్దమ్మా అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు. పెద్దమ్మకు చిరాకుపడే ఓపిక కూడా లేదు. నెల రోజులుగా ఇదే తంతు. ఒకరోజు జిగురు, ఒకరోజు చేదు, మధ్యలో ఎప్పుడో ఒకరోజు చక్కగా కుదిరి ఆశ పెడుతుంది.

ఆ వర్క్‌షాపు క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా పెరుగు తోడుపెట్టేది ఆమే. మోకాళ్లు అరిగాక కూరలు ఒకరికి, వడ్డన ఒకరికి పోయి చివరికి ఆమెకు మిగిలింది ఈ ఒక్క పని. ఆమె తోడికోడలు అక్కడే గిన్నెలు తోముతుంది. క్యాంటీన్ అంతటికీ ఈమె పెద్దమ్మ, ఆమె చిన్నమ్మ.

మేనేజరు అరిచే మనిషి కాదు, అదే చిక్కు. అరిస్తే ఎదురు అరిచి ఊరుకోవచ్చు. పెద్దమ్మను పక్కకు పిలిచి, శనివారం కూడా ఇలాగే ఉంటే సోమవారం నుంచి ప్యాకెట్ పెరుగు తెప్పిస్తానని, ఆమె ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చని మెత్తగా చెప్పాడు. ఆ విశ్రాంతికి అర్థమేమిటో తెలియనంత అమాయకురాలు కాదామె. భయంలో నోరు జారింది. గిన్నెలు శుభ్రంగా ఉండటం లేదు సార్ అనేసింది. గోడ అవతల పీచు చప్పుడు టక్కున ఆగిపోయింది.

సాయంత్రం చిన్నమ్మ మూడు పెరుగు గిన్నెలూ తెచ్చి ఆమె ముందు పెట్టింది. పిడి బిగించిన మేకుల సందుల్లో తనే గోటితో గీరి చూపించింది. పలచగా, బంకగా ఏదో వచ్చింది. నా తప్పే అక్కా అంది. అని ఊరుకుంటే బాగుండేది. మరి తోడు సంగతేమిటని అడిగింది. వడ్డన అయ్యాక గిన్నె అడుగున మిగిలిందే మర్నాటికి తోడు. ఆ గిన్నెలోని గరిటె అరవై కంచాలకు తగిలి వస్తుంది. అందులో తోడుతో పాటు ఇంకేమేం పెరుగుతున్నాయో ఎవరు చూడొచ్చారు?

ఇద్దరూ కొంగు బిగించారు. గిన్నెలు, మూతలు, గరిటెలు సలసల కాగే నీళ్లలో మరిగించి బోర్లించారు. పాత తోడంతా పారబోశారు. పెద్దమ్మకు ప్రాణం ఉసూరుమంది. చిన్నమ్మ పాలబూత్ నుంచి కొత్త పెరుగు తెచ్చి, అందులో ఎవరూ చెంచా పెట్టకముందే కాస్త తీసి మూత డబ్బాలో విడిగా ఉంచింది. శుక్రవారం పొద్దున పాలు పొంగగానే దించేయకుండా సన్నని సెగ మీద పది నిమిషాలు మరగనిచ్చారు. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలనీ, ఇదివరకటిలా సాయంత్రం దాకా పొయ్యి పక్కన వదిలేస్తే పులిసి చేదెక్కుతుందనీ అనుకున్నారు. ఇంత చేశాక ఏ పెరుగైనా మొండికేయకూడదు.

మూడు గిన్నెల్లో రెండింటికి, కిటికీలో పెట్టినదానికీ పొయ్యి పక్కన ఉన్నదానికీ, పెద్దమ్మ తోడు వేసింది. మూడోదాని దగ్గరకు వచ్చేసరికి కూపన్ల విషయమై మేనేజరు పిలవడంతో దానికి చిన్నమ్మ వేసింది. పన్నెండింటికి మూతలు తీశారు. చిన్నమ్మ గిన్నెలో పెరుగును చాకుతో కోయొచ్చు, అంత గట్టిగా ఉంది. పెద్దమ్మవాటిలో ఒకటి పలచగా, తీగలు సాగుతూ ఉంది. రెండోది అసలు తోడుకోనే లేదు, నీళ్లు విరిగి నాలుకకు చేదు తగిలింది.

అవే పాలు. అదే తోడు. గిన్నెలన్నీ ఒకే నీళ్లలో మరిగినవే. పెద్దమ్మ తోడికోడలి ముఖంలోకి చూసింది. మంచి తోడు తన గిన్నెకు దాచుకుందా, నా చోటుకు ఎసరు పెడుతోందా అనిపించింది. అనిపించినందుకు తర్వాత చాలా సిగ్గుపడింది కానీ, ఆ నిమిషానికి మాత్రం గట్టిగానే అనిపించింది.

చెడ్డ రెండు గిన్నెలూ పారబోసి, కడిగి మరిగించి, మధ్యాహ్నం పాలతో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి చిన్నమ్మను పక్కనే నిలబెట్టి పెద్దమ్మ గిన్నె మూత తీసింది. పైన మందంగా మీగడ కట్టి ఉంది. ఎప్పటిలా చిటికెన వేలు పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఆ వేలు చెప్పిందే లెక్క. వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు, అదే తోడుకు అదను.

"సరిపోయింది. తోడు తే."

చిన్నమ్మ తోడు డబ్బాతో వస్తూ గిన్నె అంచుకు చెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది. మరుక్షణం పెద్దమ్మ మణికట్టు పట్టి లాగింది. వేలు ఎర్రగా కందిపోయి ఉంది.

"కాలట్లేదా అక్కా?"

"కాలేంత వేడిగా ఉందా?" అని పెద్దమ్మ నిజంగానే అడిగింది.

చిన్నమ్మ ఆ చేతిని కుళాయి కింద పెట్టి చాలాసేపు వదల్లేదు. సంగతి ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. పాలు మరీ వేడిగా ఉన్న రోజున తోడు చచ్చిపోయేది, మరుగుకు చావని పురుగేదో పాలను చేదు చేసేది. చల్లారిపోయిన రోజున తోడు మందకొడిగా పడి ఉండేది, జిగురు పుట్టించే పురుగుది పైచేయి అయ్యేది. గిన్నెల మురికి, ఎంగిలి తోడు దానికి ఇంకాస్త సాయం. కాలి చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు నడిచేయడం ఈ మధ్య పెద్దమ్మకు మామూలే. ఒంట్లో షుగరు ఉంది, అది పాదాలకు వచ్చిందనుకుంది. చేతుల దాకా వచ్చిందని అనుకోలేదు. వేళ్ల మొద్దుతనం అలసట అనుకుంది. ఏళ్ల తరబడి అన్నిటికీ అలసటే కారణం అనుకుంటూ నెట్టుకొచ్చింది.

పాలు చల్లారాక చిన్నమ్మ వేలు పెట్టి చూసింది. పెద్దమ్మ తోడు కొలిచింది.

శనివారం పెరుగు తెల్లగా, గట్టిగా, తియ్యగా ఉంది. ఫిట్టరు రెండోసారి వడ్డించుకున్నాడు. మేనేజరు చెంచాడు రుచి చూసి, మీ చేతివాసి ఎక్కడికి పోతుంది పెద్దమ్మా, ప్యాకెట్ల మాట మర్చిపోండి అన్నాడు. చిన్నమ్మ తలవంచుకుని కంచాలు ఏరుతోంది. ఆమె నోరు విప్పదు. పెద్దమ్మ కూడా విప్పకపోతే సోమవారం, మంగళవారం, ఆ పైన ఇంకెన్నాళ్లైనా ఇలాగే గడిచిపోతాయి, పేరు ఒకరిది, వేలు ఒకరిది. దాచుకోవాలనే అనిపించింది. కానీ గురువారం తను అన్న మాట ఇంకా ఆ గదిలోనే ఉంది.

"ఇది నా చెయ్యి కాదు సార్, చిన్నమ్మది. నా వేళ్లకు వేడి తెలియడం లేదు. గిన్నెల మీద తోసేశాను కానీ, ఎక్కువ తప్పు నాదే. ఇక తోడు ఆవిడ వేస్తుంది. గిన్నెలు నేను తోముతాను."

మేనేజరు చెంచా కింద పెట్టాడు. ముందు డాక్టరుకు చూపించుకోండి అన్నాడు. తర్వాత, సరే తోమండి అన్నాడు. పెద్దమ్మ గుండె కుదుటపడింది. చోటు మారినా పని మిగిలింది, అంతే చాలు. కొంగు దోపుకుని తొట్టి వైపు నడిచింది.

తొట్టిలో మరిగించి పోసిన నీళ్లు పొగలు కక్కుతున్నాయి. శుక్రవారం నుంచి తోమిన గిన్నెలన్నీ అందులో ముంచి తీయాలని చెప్పింది తనే. చిన్నమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"వద్దక్కా. ఆ నీళ్లలో నువ్వు చెయ్యి పెట్టకూడదు."

పెద్దమ్మ ఆగిపోయింది. తడి గచ్చు మీద, రెండు చేతులూ ముందుకు చాపి, వాటితో ఇక ఏం చేయాలో తెలియక అలాగే నిలబడింది.